పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన చొరబాటు ముగిసినట్టు కాదు

ప్రశ్న: కొత్త పరికరం నుంచి నా జీమెయిల్‌లోకి ఎవరో సైన్ ఇన్ అయ్యారని హెచ్చరిక వచ్చింది. అది నేను కాదు. వెంటనే పాస్‌వర్డ్ మార్చేశాను. ఇంకా ఏమైనా చేయాలా?

చేయాలండీ, అసలు పని ఇంకా మిగిలే ఉంది. అయితే ముందుగా ఆ హెచ్చరిక నిజమైనదో కాదో తేల్చుకోండి. మెయిల్‌లోని బటన్ నొక్కకుండా, బ్రౌజర్‌లో మీరే `myaccount.google.com/notifications` అని టైప్ చేసి చూడండి. నిజమైన హెచ్చరికైతే అదే సమయంతో అక్కడ కూడా నమోదై ఉంటుంది. లేకపోతే ఆ మెయిల్ మీ పాస్‌వర్డ్ కోసం వేసిన గాలమని అనుకోవచ్చు. ఆ బటన్ నొక్కి, అది చూపిన పేజీలోనే మీరు పాస్‌వర్డ్ మార్చి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా అసలు పేజీకి వెళ్లి మళ్లీ మార్చండి.

హెచ్చరిక నిజమైనదే అయినా, అందులో దేన్ని నమ్మాలన్న విషయంలో చాలామంది పొరబడుతున్నారని నా గట్టి అభిప్రాయం. అందరూ మొదట ఊరి పేరు చూస్తారు. నిజానికి అందులో నమ్మదగనిది అదే. ఆ ఊరు ఐపీ అడ్రసును బట్టి వేసిన అంచనా మాత్రమే. మొబైల్ నెట్‌వర్క్‌లో ఉంటే మీ ఫోన్ మీ చేతిలోనే ఉన్నా వేరే నగరం కనిపించవచ్చు. దొంగ వీపీఎన్ వాడితే తనకు కావలసిన ఊరిని చూపించుకోవచ్చు. సమయాన్నీ, పరికరం రకాన్నీ చూడటం మేలు. ఆ నిమిషంలో మీరు ఏం చేస్తున్నారో గుర్తు చేసుకోండి. బ్రౌజర్‌లో మీ లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలు తుడిచేసినా, ఇన్‌కాగ్నిటో విండోలో లాగిన్ అయినా, మీ పాత కంప్యూటరే కొత్త పరికరంగా నమోదు కావచ్చు. ఇలాంటి వాటికి కూడా ప్రతి సంస్థా ఒకే రకం ఎర్ర అక్షరాల మెయిల్ పంపి, జనం వాటిని చదవకుండానే చెరిపేసే స్థితికి తెచ్చిందని నాకు ఎప్పటి నుంచో కోపం.

ఊరి పేరు చూసి పొరబడటం మా అక్కయ్య ఇంట్లోనూ జరిగింది. ఆమె ఇంటి నుంచే కొందరు వ్యాపారులకు లెక్కలు రాస్తుంది, బిల్లులు పంపుతుంది, ఆ పనంతా ఫోన్‌లోనే చేస్తుంది. ఒకరోజు తెల్లవారుజామున 2:47కి విండోస్ కంప్యూటర్ నుంచి సైన్ ఇన్ జరిగిందని ఆమెకు హెచ్చరిక వచ్చింది. మా బావగారు చూసి, “తెలిసిన ఊరి పేరే చూపిస్తోంది కదా, మన ఫోనే అయ్యుంటుంది” అని తేల్చేశారు. ఆ వేళకు ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. పైగా ఇంట్లో విండోస్ కంప్యూటరే లేదు. అక్కయ్య నాకు ఫోన్ చేశాక, `myaccount.google.com/device-activity` తెరిపించాను. ప్రస్తుతం లాగిన్ అయి ఉన్నవాటితో పాటు, గడచిన 28 రోజుల్లో వాడిన పరికరాలు కూడా ఆ పేజీలో కనిపిస్తాయి. విండోస్ పేరు అక్కడే ఉంది. దాన్ని సైన్ అవుట్ చేయించి, పాస్‌వర్డ్ మార్పించాను. ఆమె ఎప్పుడో ఒక షాపింగ్ సైటులో వాడిన పాస్‌వర్డే మెయిల్‌కూ పెట్టుకుంది. ఆ సైటు నుంచి ఖాతాదారుల వివరాలు అంతకుముందే బయటికి పొక్కాయి.

అంతటితో అయిపోయిందని ఆమె ఊరట చెందింది. కానీ ఆ తరువాత కూడా బిల్లులకు జవాబులు రావడం లేదని అంది. అవతలివాళ్లేమో పంపామనే చెప్పారు. ఫోన్‌లోని యాప్‌లో ఎంత వెతికినా కారణం కనబడలేదు. నా కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆమె మెయిల్ తెరిచి, వెతికే చోట `in:anywhere invoice` అని కొట్టగానే ఆ జవాబులన్నీ బయటపడ్డాయి. అన్నీ చెత్తబుట్టలోనే ఉన్నాయి. అక్కడ చేరిన మెయిల్ 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది, కాబట్టి ఇంకొంత ఆలస్యమైతే అవి కూడా మిగిలేవి కావు. పైన పళ్లచక్రం గుర్తు నొక్కి, `See all settings` లోని `Filters and Blocked Addresses` పేజీకి వెళితే అక్కడ ఒకే ఒక్క ఫిల్టర్ ఉంది. “invoice” గానీ “payment” గానీ ఉన్న ప్రతి మెయిల్‌నూ ముక్కూముఖం తెలియని అడ్రసుకు ఫార్వర్డ్ చేసి, ఇక్కడ చెత్తబుట్టలో పడేయమని దానికి ఆదేశం.

పాస్‌వర్డ్ మార్చినా ఫిల్టర్ చెక్కుచెదరదు, ఎందుకంటే అది లాగిన్‌కు సంబంధించినది కాదు, మెయిల్ పెట్టెకు ఉన్న అమరిక. తాళం మార్చినంత మాత్రాన లోపల తవ్విన సొరంగం పూడుకుపోదు కదా. కాబట్టి మీరు కూడా ఫోన్‌తో సరిపెట్టుకోకుండా కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ పేజీని చూడండి. పక్కనే ఉన్న `Forwarding and POP/IMAP` లో మీకు తెలియని అడ్రసు ఉంటే తీసేయండి. `Accounts and Import` లో మీ పేరుతో మెయిల్ పంపేందుకు వేరే అడ్రసు చేర్చారా, మీ ఖాతా తెరిచే అనుమతి ఇంకెవరికైనా ఇచ్చారా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

ఆ తరువాత ఖాతా తిరిగి పొందేందుకు ఇచ్చిన ఫోన్ నంబరు, రెండో మెయిల్ అడ్రసు మీవేనా అని చూడండి. దొంగ తన నంబరు పెట్టి ఉంటే, మీరు మార్చిన పాస్‌వర్డ్‌ను అతను “మరిచిపోయాను” అంటూ మళ్లీ మార్చుకోగలడు. ఈ వివరాలు ఈమధ్యే మారి ఉంటే, పాత నంబరుకు కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ 7 రోజుల పాటు ఇవ్వవచ్చు, అందుకే ఈ తనిఖీ వాయిదా వేయకూడదు. ఇవన్నీ సరిచూసుకున్నాక, పాస్‌వర్డ్‌తో పాటు మరో ఆధారం కూడా అడిగే రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పాస్‌వర్డ్ దొరికింది వేరే సైటు లీకు వల్ల కాక, మీ కంప్యూటర్‌లోనే చేరిన దొంగ సాఫ్ట్‌వేర్ వల్ల అయితే, అదే కంప్యూటర్‌లో కొత్త పాస్‌వర్డ్ కొట్టడమంటే దాన్ని కూడా అప్పగించడమే. అలాంటి సాఫ్ట్‌వేర్ బ్రౌజర్ కుకీలను ఎత్తుకుపోతే, మీ లాగిన్‌నే అవతల కొనసాగించవచ్చు కనుక కొత్త పరికరం హెచ్చరిక అసలు రాకపోవచ్చు కూడా. ఈమధ్య ఎక్కడి నుంచో ఉచితంగా దొరికిన ప్రోగ్రాం ఏదైనా మీ కంప్యూటర్‌లో వేసి ఉంటే, పాస్‌వర్డ్‌ను నమ్మకమైన మరో పరికరం నుంచి మళ్లీ మార్చి, అనుమానం ఉన్న కంప్యూటర్‌ను శుభ్రం చేయించేదాకా దానిలో లాగిన్ కాకండి.

చివరగా, పంపిన మెయిళ్ల ఫోల్డర్‌నూ, చెత్తబుట్టనూ ఒకసారి తేదీల వారీగా చూడండి. అక్కయ్య ఖాతాలో చెత్తబుట్ట అడుగున ఆమె రాయని మెయిల్ ఒకటి దొరికింది. “మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ నంబరుకు పంపగలరు” అని ఒక వ్యాపారికి రాసి, ఆ తరువాత పంపిన ఫోల్డర్ నుంచి చెరిపేశారు. అక్కయ్య అప్పటికప్పుడు ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఇంకా డబ్బు వేయలేదు. ఫిల్టర్‌లోని ఆ రెండు మాటలే ఎందుకు ఎంచుకున్నారో మాకు అప్పుడు అర్థమైంది. మీ మెయిల్ ద్వారా డబ్బు లావాదేవీలు నడుస్తుంటే, సంబంధించిన వాళ్లకు మీరు కూడా మెయిల్ రాయకుండా ఫోన్‌లోనే చెప్పండి.