నెలకు 85 వేలు అని చదివి సంతకం పెట్టించాను

"రొయ్యల కంపెనీలో కొత్తగా ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. 14 పేజీల డెలిగేషన్ ఆఫ్ అథారిటీ మ్యాట్రిక్స్ చేతిలో పెట్టి, ఏ ఖర్చుకు ఎవరు ఆమోదం ఇవ్వాలో ఒక్క పేజీలో రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

చివరి పేజీ నుంచి మొదలుపెట్టండి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలను ముందు చదవండి. నెల్లూరు దగ్గర ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను వాటిని వదిలేసి పట్టికను మాత్రమే కుదించాను. విభాగాధిపతికి 25 వేలు, ప్లాంట్ మేనేజర్‌కు 2 లక్షలు, ఫైనాన్స్ హెడ్‌కు 10 లక్షలు, మేనేజింగ్ డైరెక్టర్‌కు 50 లక్షలు, ఆపైన బోర్డు. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంది. అందరూ అచ్చు తీసుకుని బల్ల అద్దం కింద పెట్టుకున్నారు.

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల నుంచి సరుకును ఐసు పెట్టెల్లో తేవడానికి ఒక వ్యాను అద్దెకు కావలసి వచ్చింది. నెలకు 85 వేలు, ఏడాది ఒప్పందం. మర్నాడు తెల్లవారుజామునే పట్టుబడి ఉందని కొనుగోళ్ల అధికారి సాయంత్రం ఆరు గంటలకు ఫైలు పట్టుకొచ్చారు. నేను నా పేజీ చూశాను. 85 వేలంటే 2 లక్షల లోపే కదా, ప్లాంట్ మేనేజర్ గారి సంతకం చాలన్నాను. ఆయన నా మాట నమ్మి పెట్టేశారు.

మూడు నెలల తర్వాత ఇంటర్నల్ ఆడిటర్ వచ్చి ఆ ఒప్పందం అడిగారు. నా పేజీ అంచునే పెన్సిలుతో 85,000ను 12తో హెచ్చించి 10,20,000 అని రాశారు. ఫైనాన్స్ హెడ్ పరిమితి కూడా దాటింది, మేనేజింగ్ డైరెక్టర్ ఆమోదం ఉండాలి. ఏడాది లోపు వ్యాను వద్దనుకున్నా మిగిలిన నెలల అద్దె కట్టాలనే షరతు కూడా ఆ ఒప్పందంలో ఉంది. అంటే సంతకం పడిన రోజే కంపెనీ 10 లక్షల 20 వేలకు కట్టుబడిపోయింది. "ఆర్డరు లేదా ఒప్పందం పూర్తి విలువను లెక్కలోకి తీసుకోవాలి" అని మ్యాట్రిక్స్ నాలుగో గమనికలో స్పష్టంగా ఉంది. తర్వాత మేనేజింగ్ డైరెక్టర్ ధ్రువీకరణ తెచ్చుకున్నాం గానీ, సంజాయిషీ రాసింది మాత్రం ప్లాంట్ మేనేజర్ గారు. తప్పు నా కాగితానిది, మెమో ఆయనకు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కాబట్టి మీ పేజీలో మొట్టమొదటి వాక్యం పరిమితిని దేనితో కొలవాలో చెప్పాలి: నెల బిల్లుతోనా, ఒప్పందం మొత్తంతోనా? జీఎస్టీ కలిపా, విడిగానా? మా దగ్గర కలిపే లెక్క. కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ మరమ్మతుకు 1,80,000 అన్నారనుకోండి, 18 శాతం జీఎస్టీతో 2,12,400 అవుతుంది. అప్పుడు ప్లాంట్ మేనేజర్ పరిమితి దాటినట్టే. విడిభాగాలకు ఒక ఆర్డరు, కూలీకి మరొకటి అని చీల్చి తెస్తే రెండూ కలిపి చూడాలి. ఒకే సప్లయరు, ఒకే యంత్రం, దగ్గర తేదీలు కనిపిస్తే ఆగండి.

రెండో వాక్యం బడ్జెట్ గురించి. అవే 2 లక్షలు బడ్జెట్‌లో ఉన్న ఖర్చుకే వర్తిస్తాయి. లేనిదైతే మా మ్యాట్రిక్స్‌లో ఒక మెట్టు పైకి వెళ్లాలి. మీదాంట్లో ఏముందో చూసి రాయండి.

ఆమోదం వేరు, చెల్లింపు వేరు అని కూడా స్పష్టంగా రాయండి. ఒప్పందానికి మేనేజింగ్ డైరెక్టర్ ఒకసారి ఆమోదం ఇచ్చాక, నెలనెలా వచ్చే 85 వేల బిల్లుకు మళ్లీ ఆయన సంతకం దేనికి? వ్యాను ఎన్ని ట్రిప్పులు తిరిగిందో విభాగం ధ్రువీకరిస్తే చాలు. ఈ తేడా తెలియని చోట్ల ప్రతి బిల్లూ పెద్దాయన బల్ల మీదకు చేరుతుంది. ఆయన ఊళ్లో లేకపోతే వ్యాను యజమాని డబ్బుకోసం రోజూ ఫోన్లు చేస్తూనే ఉంటాడు. సిఫారసు చేసినవారి సంతకాన్ని ఆమోదంగా లెక్కవేయడం నాకు అసలు నచ్చని ఇంకో అలవాటు. ఫైలు మీద నాలుగు సంతకాలున్నా, అధికారం ఉన్నవారి సంతకం ఒక్కటీ లేని ఫైళ్లు ఎన్నో చూశాను.

అప్పులు తీసుకోవడం, ఇతరులకు అప్పు ఇవ్వడం, పెట్టుబడులు పెట్టడం వంటివి కొనుగోళ్ల వరుసలో కలపకండి. 2013 కంపెనీల చట్టం 179వ సెక్షన్ ప్రకారం అవి బోర్డు సమావేశంలో తీర్మానించాల్సినవి. బోర్డు తీర్మానం చేసి మేనేజింగ్ డైరెక్టర్‌కో, కమిటీకో అప్పగించి ఉంటే, ఆ తీర్మానం తేదీని, పరిమితిని పక్కనే రాయండి.

పేర్లు రాయకండి, హోదాలు రాయండి. సెలవులో ఉన్నప్పుడు ఎవరు సంతకం పెడతారో కూడా అదే గడిలో ఉండాలి. పేజీ తయారయ్యాక కొనుగోళ్ల విభాగం నుంచి మూడు పాత ఫైళ్లు తెప్పించుకుని, మీ పేజీ మాత్రమే చూసి సంతకం ఎవరిదో తేల్చండి. వాటిలో ఒకటి తప్పనిసరిగా ఏడాది ఒప్పందమై ఉండాలి.