డీఎఫ్‌యూ మోడ్‌కు ముందు రికవరీ మోడ్‌ను సరిగా ప్రయత్నించారా?

ప్రశ్న: నా ఐఫోన్ 11 ఆపిల్ గుర్తు దగ్గరే ఆగిపోయింది, రికవరీ మోడ్ కూడా రావడం లేదు. డీఎఫ్‌యూ చేస్తే ఫోటోలు పోతాయా?

డీఎఫ్‌యూ అంటే ఐఓఎస్ లేవకుండానే ఫోన్ కంప్యూటర్‌తో మాట్లాడే స్థితి, అందులోకి వెళ్లినంత మాత్రాన ఏమీ పోదండి. ఆ తరువాత కంప్యూటర్‌లో Restore నొక్కినప్పుడే అన్నీ పోతాయి. ఈ తేడా తెలియక మా అక్క ఫోన్‌లో రెండేళ్ల ఫోటోలు పోగొట్టుకున్నాం.

ఆమెది కూడా 64 జీబీ ఐఫోన్ 11. మెమరీ పూర్తిగా నిండి, ఒక ఉదయం ఆపిల్ గుర్తు దాటి ముందుకు వెళ్లలేదు. మరమ్మతు దుకాణంలోని కుర్రవాడు వాల్యూమ్ పెంచే మీట, తగ్గించే మీట ఒక్కొక్కసారి నొక్కి వదిలి, పక్క మీట పట్టుకుని, ఆపిల్ గుర్తు కనబడగానే వదిలేశాడు. మూడుసార్లు అలాగే చేసి, రికవరీ రావడం లేదని తేల్చి, డీఎఫ్‌యూలోకి తీసుకువెళ్లి Restore నొక్కాడు. ఫోన్ కొత్తదానిలా లేచింది. ఐక్లౌడ్‌లోని ఉచిత 5 జీబీ ఎప్పుడో నిండిపోవడంతో బ్యాకప్ ఆగిపోయి ఉంది. కంప్యూటర్‌లో ఉన్నది రెండేళ్ల నాటిది.

అతను చేసింది కేవలం బలవంతపు రీస్టార్ట్ అని నాకు తరువాత అర్థమైంది. రికవరీ కావాలంటే ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, వాల్యూమ్ మీటలు అలాగే నొక్కి వదిలి, ఆపిల్ గుర్తు వచ్చినా వదలకుండా, కేబుల్, కంప్యూటర్ బొమ్మ కనబడేదాకా పక్క మీటను పట్టుకునే ఉండాలి. అప్పుడు కంప్యూటర్ Update, Restore రెండూ చూపిస్తుంది. Update సమాచారాన్ని చెరపకుండా ఐఓఎస్‌ను మళ్లీ ఎక్కిస్తుంది కాబట్టి ముందు దాన్నే నొక్కాలి. డౌన్‌లోడ్‌కు 15 నిమిషాలు దాటితే ఫోన్ రికవరీ నుంచి బయటికి వచ్చేస్తుంది. డౌన్‌లోడ్ పూర్తికానిచ్చి, మీటలు మళ్లీ మొదటి నుంచి నొక్కాలి. మెమరీ నిండిన ఫోన్లలో Update ఒక్కోసారి విఫలమవుతుంది, అయినా ఆ ఒక్క అవకాశాన్ని వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

కేబుల్, పోర్ట్, కంప్యూటర్ మార్చి చూసినా ఫలితం లేకపోతేనే డీఎఫ్‌యూ. వాల్యూమ్ మీటలు అలాగే నొక్కి, తెర నల్లబడేదాకా పక్క మీట పట్టుకుని, దానితోపాటు వాల్యూమ్ తగ్గించే మీటను 5 సెకన్లు పట్టుకోవాలి. తరువాత పక్క మీటను మాత్రం వదిలి, వాల్యూమ్ తగ్గించే మీటను ఇంకో 10 సెకన్లు పట్టుకోవాలి. తెర నల్లగానే ఉండి, కంప్యూటర్ ఫోన్‌ను గుర్తిస్తే అది డీఎఫ్‌యూ. తెరపై ఏ బొమ్మ వచ్చినా కాదు. ఇక్కడ ఫోన్ చిప్‌లోని చెరగని ప్రారంభ ప్రోగ్రామ్ అయిన బూట్‌రోమ్ ఒక్కటే పనిచేస్తుంది, Restore ఒక్కటే దొరుకుతుంది. Restore సమాచారాన్ని తెరిచే పాత ఎన్‌క్రిప్షన్ కీలను చెరిపేస్తుంది కనుక, తరువాత ఏ దుకాణమూ ఫోటోలను వెనక్కి తీయలేదు.

మనసు మారితే Restore నొక్కకుండా, రెండు వాల్యూమ్ మీటలను వరుసగా నొక్కి వదిలి, ఆపిల్ గుర్తు వచ్చేదాకా పక్క మీట పట్టుకుంటే డీఎఫ్‌యూ నుంచి బయటపడవచ్చు. Restore చేయక తప్పదనుకుంటే ముందుగా మీ ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ సిద్ధం చేసుకోండి. పోయిన ఫోన్‌ను వెతికే ఫైండ్ మై ఆన్‌లో ఉంటే, Restore తరువాత ఫోన్ దాన్ని అడుగుతుంది.