లింకులన్నీ ఒక్కరోజే చచ్చిపోతే

*“సార్, బీకామ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకు వెళ్తాను. ఎక్సెల్ రిజిస్టర్‌లో బిల్లుల పీడీఎఫ్‌లకు 400 లింకులు పెట్టాను. ఏప్రిల్‌లో సర్వర్‌లోని పాత సంవత్సరం ఫోల్డర్‌ను వేరేచోట పెట్టారు. ఇప్పుడు ఒక్క లింకూ తెరుచుకోవడం లేదు. అన్నీ మళ్లీ పెట్టమంటున్నారు. బయోడేటాలో ఎక్సెల్ వచ్చని రాశాను. నాకు రానట్టేనా? ఏదైనా కోర్సులో చేరాలా?”*

కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. 400 లింకులూ చేత్తో మళ్లీ పెట్టకండి, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఇదే జరుగుతుంది. ముందు రిజిస్టర్‌కు ఒక కాపీ తీసి, పని ఆ కాపీలోనే చేయండి.

తెరుచుకోని లింకు ఉన్న సెల్ మీద నిలబడి Ctrl+K నొక్కండి. Address గడిలో బహుశా ఇలా కనిపిస్తుంది:

```
2024-25\Bills\0117.pdf
```

ముందు డ్రైవ్ అక్షరం లేదు, సర్వర్ పేరూ లేదు. మీ రిజిస్టర్ ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడి నుంచి దారి లెక్కపెట్టుకోమని దీనర్థం. రిజిస్టర్, బిల్లులు ఒకే డ్రైవ్‌లో ఉంటే ఎక్సెల్ తరచూ ఇలా కురచ చేసి దాచుకుంటుంది. బిల్లు ఎక్కడికీ పోలేదు, దాని డోర్ నంబరు మారిందంతే. రిజిస్టర్‌ను ఇంటికి మెయిల్ చేసుకున్నప్పుడు అక్కడ లింకులు పనిచేయకపోవడానికీ ఇదే కారణం.

ఇక్కడ చాలామంది Ctrl+H నొక్కి పాత ఫోల్డర్ పేరు మార్చబోతారు. ఏమీ దొరకలేదని ఎక్సెల్ చెబుతుంది. అది సెల్‌లో రాసి ఉన్నదాన్నే వెతుకుతుంది, లింకు వెనక దాగిన అడ్రసు జోలికి పోదు.

మీ బిల్లుల ఫైళ్లకు బిల్లు నంబరే పేరుగా ఉంటే మార్గం తేలిక. ఫోల్డర్ దారిని ఒక్కచోటే రాసి, లింకులన్నీ దాన్నే చూసేలా చేయాలి. B1లో కొత్త దారి పూర్తిగా రాయండి:

```
\\SERVER\Audit\Old\2024-25\Bills\
```

చివరి గీత మరచిపోవద్దు. SERVER, Audit అన్నవి నేను ఉదాహరణకు పెట్టినవి. మీ ఆఫీసు పేర్లు తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో `net use` అని కొట్టండి, సర్వర్ ఫోల్డర్ మీ సిస్టమ్‌లో Z: డ్రైవ్‌గా కనిపిస్తుంటే దాని వెనక అసలు దారి ఏమిటో చూపిస్తుంది. Z: అని మాత్రం రాయకండి. మీ సిస్టమ్‌లో Z: అయినది పక్క సీటులో Y: కావచ్చు, అప్పుడు మీకు తెరుచుకున్న లింకు వాళ్లకు తెరుచుకోదు.

బిల్లు నంబర్లు A5 నుంచి ఉన్నాయనుకుందాం. పాత లింకుల కాలమ్‌ను ముట్టుకోకుండా పక్కన ఖాళీ కాలమ్‌లో ఇది రాసి కిందికి లాగండి:

```
=HYPERLINK($B$1&TEXT(A5,"0000")&".pdf","చూడు")
```

ఆ TEXT ఎందుకో కాస్త ఆగి చూడండి. సెల్‌లో 0117 అని కనిపిస్తున్నా, పైన ఫార్ములా బార్‌లో 117 అని ఉందంటే, ముందున్న సున్నా ఫార్మాట్ చూపిస్తున్నదే. నేరుగా A5ని కలిపితే ఎక్సెల్ 117.pdf కోసం వెతుకుతుంది, అది ఉండదు. లింకు మీద మౌస్ ఆనిస్తే పూర్తి దారి కనిపిస్తుంది, సున్నా ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. ఫైలు లేకపోయినా లింకు ఎప్పటిలాగే కనిపిస్తుంది కాబట్టి, మొదటిది, చివరిది, మధ్యలో నాలుగైదు నొక్కి చూశాకే పాత కాలమ్ తీసేయండి. ఇకపై ఫోల్డర్ ఎటు కదిలినా B1 ఒక్కటి మారిస్తే చాలు. ఫైళ్ల పేర్లకు ఒక పద్ధతంటూ లేకపోతే ఈ ఫార్ములా పనికిరాదు. అడ్రసులు మార్చే చిన్న మాక్రో అప్పుడు నేర్చుకోండి.

ఇంకొకటి, నన్నడిగితే దీనికంటే ప్రమాదకరమైనది. ఫైలును తెరిచే లింకు విరిగితే వెంటనే తెలిసిపోతుంది. వేరే ఎక్సెల్ ఫైలు నుంచి అంకె తెచ్చుకునే లింకు విరిగితే, పాత అంకె అలాగే కనిపిస్తూ ఉండవచ్చు. జీఎస్టీ మొత్తం అలా పాతబడితే ఎవరికీ అనుమానం రాదు. Data ట్యాబ్‌లో Edit Links (కొత్త వెర్షన్లలో Workbook Links) తెరిచి, Change Source ద్వారా కొత్తచోటి ఫైలు చూపించండి. మీ బిల్లుల లింకులు ఆ జాబితాలో కనిపించవు, రెండూ వేర్వేరు.

బయోడేటాలో “ఎక్సెల్ వచ్చు” అన్న మాట తీసేసి, “ఫోల్డర్ మారినా ఒక్క సెల్‌తో సరిచేసుకునే 400 బిల్లుల రిజిస్టర్ తయారుచేశాను” అని రాయండి. ఇంటర్వ్యూలో ఎలా చేశారని అడిగితే B1 గురించి, ఆ సున్నా గురించి చెప్పండి.