కెమెరా పాడైందంటారు, సెల్ఫీలు మాత్రం వస్తున్నాయి

మేడమ్ గారికి నమస్కారం. నాకు 34 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. విడాకులై మూడేళ్లయింది. నవంబరు చివర్లో మ్యాట్రిమొనీ సైట్‌లో ఒకాయన పరిచయమయ్యారు. సొంతూరు గుంటూరు దగ్గరట, డల్లాస్‌లో సివిల్ ఇంజినీరునన్నారు. భార్య చనిపోయారు, ఆరేళ్ల పాప ఉంది. రెండు నెలలుగా రోజూ వాట్సాప్‌లో చాట్ చేసుకుంటున్నాం. వీడియో కాల్ అంటే ఫోన్ కెమెరా పాడైందంటారు. మా తమ్ముడు ఒక్క ముక్కలో ‘ఫేక్’ అనేశాడు, ఎందుకని అడిగితే చెప్పడు. ఈయన నా పుట్టినరోజుకి పార్సిల్ పంపారట, ఈ వారంలో వస్తుందట. పట్టుబట్టి వీడియో కాల్ అడిగితే అనుమానిస్తున్నానని నొచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. చాట్, ఫొటోలు పంపుతున్నాను. చూసి చెప్పండి.
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

అమ్మా, మీరు పంపినవన్నీ చదివాను. మీ తమ్ముడు చెప్పలేకపోయిన ‘ఎందుకు’ ఆ చాట్‌లోనే ఉంది. ముందొక మాట. మ్యాట్రిమొనీ ప్రొఫైళ్లలో అబద్ధాలు కొత్తేమీ కాదు. ఎత్తు రెండంగుళాలు పెరుగుతుంది, వయసు రెండేళ్లు తగ్గుతుంది, జీతం గుండ్రంగా మారుతుంది. ఇవన్నీ ఒకే వైపు, మనిషిని కాస్త మెరుగ్గా చూపించే వైపు పోతాయి. లేని జీవితాన్ని అల్లేవాళ్ల పొరపాట్లు వేరు. వాటివల్ల వాళ్లకు లాభమేమీ ఉండదు. ఆ జీవితం బతికినవాళ్లకు వేళ్ల మీద ఉండే సంగతి వాళ్లకు తెలియక అలా దొర్లుతాయి. నేను ఈ చాట్‌లో వెతికింది ఈ రెండో రకం కోసమే.

మొదట టైము చూడండి. వాట్సాప్‌లో మెసేజ్ కింద కనిపించేది మీ ఫోన్ టైము, అంటే మన టైము. డల్లాస్ చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు, అప్పట్నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నర గంటలే. మీ చాట్ మొత్తం చలికాలంలోది కాబట్టి పదకొండున్నర లెక్కే వేసుకోండి. జనవరి 9 మధ్యాహ్నం 2:10కి ఆయన ‘జస్ట్ కేమ్ ఫర్ లంచ్ డియర్’ అని పెట్టారు. అప్పుడు డల్లాస్‌లో అర్ధరాత్రి దాటి 2:40 అవుతోంది.

ఒక్క మెసేజ్‌ని పట్టుకుని మనిషిని తప్పుపట్టలేం. అందుకే మాటలు వదిలేసి, రోజులో ఆయన ఏ వేళ మాట్లాడరో చూశాను. డల్లాస్‌లో రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు దాకా నిద్రపోయే మనిషి, మనకు పగలు పదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా దొరక్కూడదు. మీ ఇద్దరి మాటల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ గంటల్లోనే నడిచింది. మన రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం ఏడు దాకా మాత్రం రెండు నెలల్లో ఆయన నుంచి ఒక్క మెసేజ్ లేదు. అది డల్లాస్‌లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఏడున్నర దాకా. నైట్ షిఫ్ట్ అయితే ఇది సరిపోతుంది కదా అని మీకనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ డిసెంబరులో ఆయనే రాశారు: పొద్దున ఏడింటికల్లా సైట్‌లో ఉంటాను, మూడున్నరకి పాపను స్కూల్ నుంచి తెచ్చుకుంటాను అని. ఆయన ఎక్కడున్నారో నేను చెప్పలేను గానీ, ఆయన నిద్ర మాత్రం మన రాత్రితో కలిసి నడుస్తోంది.

రెండోది చుట్టరికం. మొదటి వారంలో ‘మా నాన్నగారు ఒక్కరే సంతానం, అటువైపు నాకెవరూ లేరు’ అన్నారు. జనవరిలో, పాపను మేనత్త పెంచుతోందన్నారు. మీరు మామూలుగానే ‘పాపకి మేనత్తా, మీకా?’ అని అడిగారు. ‘నాకే, మా అమ్మ చెల్లెలు’ అని జవాబు. అమ్మ చెల్లెల్ని పిన్ని అనకుండా మేనత్త అనే గుంటూరు మనిషిని నేనింతవరకు చూడలేదు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు తడబడతారు, అది వేరే సంగతి. ఈయన ఇంజినీరింగ్ అయ్యేదాకా ఇక్కడే ఉన్నానన్నారు. పైగా రెండు నెలల్లో తెలుగులో ఒక్క వాయిస్ మెసేజ్ కూడా పెట్టలేదు.

ఇక ఫొటోలు. ‘ఈరోజు సైట్‌కి వెళ్తూ’ అని పెట్టిన కారు ఫొటో పెద్దది చేసి చూడండి. సీటు బెల్టు ఆయన కుడి భుజం మీదుగా దిగుతోంది. అమెరికాలో స్టీరింగ్ ఎడమ వైపుంటుంది కాబట్టి నడిపేవాళ్లకు బెల్టు ఎడమ భుజం మీదుగా రావాలి. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో బొమ్మలా తిరగేసి దాస్తాయి, అలాంటి ఫొటోలో కుడి ఎడమలు మారిపోతాయి. అందుకే ముందు అక్షరాలు చూసుకోవాలి. ఆయన టోపీ మీద అక్షరాలు తిన్నగానే ఉన్నాయి, అంటే ఫొటో తిరగబడలేదు. కారు ఆయనే నడుపుతుంటే, అది మన దేశంలోలా కుడివైపు స్టీరింగ్ ఉన్నదే.

ఈ ఫొటోలను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. దొరక్కపోతే ఒకసారి ఫొటోను అడ్డంగా తిరగేసి మళ్లీ వెతకండి. ఎత్తుకొచ్చిన ఫొటోలు పట్టుబడకుండా తిరగేసి వాడేవాళ్లుంటారు. అయినా ఏమీ దొరకలేదంటే ఫొటో నిజమైనదని కాదు, ప్రైవేట్ ఖాతాల్లోవి అక్కడ కనిపించవు. ఒకవేళ వేరే పేరుతో దొరికితే, ఆ ముఖాన్ని మోసగాడంటూ ఎక్కడా పోస్ట్ చేయకండి. తన ఫొటో ఇలా తిరుగుతోందని ఆ మనిషికి తెలిసే ఉండదు.

అన్నిటికంటే సూటిగా ఉన్నది మీ కళ్లముందే ఉంది. కెమెరా పాడైందని జనవరి 3న అన్నారు. సంక్రాంతి రోజు కొత్త సెల్ఫీ పంపారు.

ఇవి ఆయనకు ఒక్కొక్కటిగా చూపించి నిలదీయకండి. చూపిస్తే ప్రతిదానికీ ఒక కథ వస్తుంది, మీరు మళ్లీ తూకం వేసుకుంటూ కూర్చోవాలి. పైగా ఇకముందు ఎక్కడ జాగ్రత్తపడాలో మీరే నేర్పినట్టవుతుంది. దానికి బదులు వీడియో కాల్ అడగండి. కథ అల్లడానికి అక్కడ తీరిక దొరకదు. చాట్‌లో జవాబుకి పది నిమిషాలు తీసుకోవచ్చు, పక్కవాళ్లనడగవచ్చు, ఒకే ఖాతా మీద ముగ్గురు కూర్చోవచ్చు. వీడియోలో ముఖం, గొంతు, యాస, ఇల్లు, కిటికీ బయట వెలుతురు అన్నీ ఒక్కసారే కుదరాలి.

ఎక్కువసేపు అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. గంట కావాలంటే ‘టైము లేదు’ అనడానికి వీలుంటుంది, ఐదు నిమిషాలకు ఆ సాకు నిలవదు. మీకు కూడా మొహమాటం పెరిగేలోపే ముగిసిపోతుంది. ఇలా రాయండి: ‘శనివారం మా టైము రాత్రి తొమ్మిదికి ఐదు నిమిషాలు వీడియోలో మాట్లాడదాం. అమ్మ కూడా పలకరిస్తుందట. మీ కెమెరా బాగాలేకపోతే స్నేహితుల ఫోన్ నుంచైనా, ల్యాప్‌టాప్ నుంచైనా చేయండి.’ అప్పుడు డల్లాస్‌లో శనివారం ఉదయం తొమ్మిదిన్నర, సెలవు రోజు, తెల్లారిపోయి ఉంటుంది. కాల్ వస్తే తెలుగులోనే మాట్లాడండి. పాపను చూపించమనకండి, ఆ వయసు పిల్లల్ని తెలియనివాళ్లకు చూపించకపోవడం మంచి తండ్రి కూడా చేసే పనే. ‘అక్కడ చలి ఎలా ఉంది, కిటికీలోంచి చూపించండి’ అనండి. ఫోన్ పట్టుకుని లేచి నడిస్తే, పక్కకు తిరిగితే, ముఖం ముందు చెయ్యి ఆడిస్తే మీకు చాలావరకు తెలిసిపోతుంది. ముందే రికార్డు చేసిన వీడియో మీ మాటకు స్పందించదు. కంప్యూటర్‌తో మరో ముఖం తగిలించుకున్నా, చెయ్యి అడ్డుపడినప్పుడు, తల పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు చెంపల అంచులు చెదరడం తరచూ కనిపిస్తుంది. చెదరనంత మాత్రాన మనిషి నిజమని తీర్మానించుకోకండి, ఆ పరికరాలు మెరుగవుతున్నాయి.

ఇరవై సెకన్లు బొమ్మ కనిపించి, గొంతు వినిపించకుండానే ‘నెట్‌వర్క్ లేదు’ అని కట్ అయిపోయి, వెంటనే ‘నిన్ను చూశాను, చాలా అందంగా ఉన్నావు’ అని మెసేజ్ వస్తే, ఆ కాల్ రానట్టే లెక్క. కాల్ సమయంలో అమ్మగారిని నిజంగానే పక్కన కూర్చోబెట్టుకోండి. అవతలివాళ్లు కాల్ రికార్డు చేసి తర్వాత బెదిరించే మోసాలూ ఉన్నాయి. సంభాషణ ఏ కొంచెం అసభ్యంగా మారినా కట్ చేయండి.

నొచ్చుకుంటారేమోనన్నారు కదా. భార్య పోయి, చిన్నపిల్లతో, రెండో పెళ్లి చేసుకోవాలనుకునే మనిషికి మీ ముఖం చూడాలని మీకంటే ఎక్కువ తొందరుండాలి. మొహమాటస్థుడైతే ఒకసారి వాయిదా వేస్తారు, తర్వాత తనే ఒక టైము చెబుతారు. ‘నా మీద నమ్మకం లేదా, మా ఆవిడ కూడా ఎప్పుడూ ఇలా అడగలేదు’ అంటూ కోపమో కన్నీళ్లో వస్తే, ఐదు నిమిషాల కాల్‌కి జవాబుగా వచ్చిన ఆ కోపం కూడా మీకొక జవాబే.

కాల్ అంతా బాగా జరిగిందనుకుందాం. అప్పుడు తేలేది ఆ ముఖం, ఆ గొంతు ఒక మనిషివేనని మాత్రమే. భార్య నిజంగా చనిపోయారా, ఆ ఉద్యోగం ఉందా అన్నవి కాల్‌లో తేలవు. మరణ ధ్రువీకరణ పత్రం, గుంటూరులో ఇల్లు, చుట్టాలు, ఇవి పెద్దవాళ్లు చూసుకోవాలి. డల్లాస్‌లో మనవాళ్లు బోలెడుమంది. మీకు తెలిసినవాళ్లెవరైనా అక్కడుంటే, ఒకసారి కాఫీకి కలిసి రమ్మనడం తప్పు కాదు.

ఇక పార్సిల్. నాకు ఎక్కువ భయం దీని గురించే, వీడియో కాల్ అయ్యేదాకా కూడా ఆగకుండా మీరు తెలుసుకోవలసింది ఇదే. ఇలాంటి వ్యవహారంలో తర్వాత వచ్చేది తరచూ ఒక ఫోన్. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ నుంచి అంటారు. పార్సిల్‌లో నగలో డాలర్లో ఉన్నాయి, డ్యూటీ కట్టకపోతే కేసవుతుంది అంటారు, ఒక అకౌంట్ నంబరు ఇస్తారు. మొదట ముప్పై వేలు అడుగుతారు. కట్టగానే పెనాల్టీ అని, సర్టిఫికెట్ అని ఇంకా పెద్ద మొత్తాలు వస్తాయి. కస్టమ్స్ శాఖ వ్యక్తుల బ్యాంకు ఖాతాలో సుంకం కట్టమని ఫోన్ చేయదు. 2019 నవంబరు నుంచి ఆ శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. ఆ ఫోన్ వచ్చిందంటే మీకు వీడియో కాల్ అవసరం కూడా ఉండదు.

వస్తే వాదించకుండా పెట్టేయండి. ఆయనను బ్లాక్ చేసేముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్ నంబరు, ప్రొఫైల్ ఐడీ, అకౌంట్ నంబరు స్క్రీన్‌షాట్లు తీసి మీ తమ్ముడి ఫోన్‌కి కూడా పంపండి. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు చేసి, మ్యాట్రిమొనీ సైట్‌కూ తెలియజేయండి. ఈలోపే ఏదైనా డబ్బు కట్టి ఉంటే, నాకు రాయడానికి సిగ్గుపడి ఉంటే, ఈ జవాబు పక్కనపెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే మీ బ్యాంకుకి. అవతలివాళ్లు ఆ డబ్బును ఇంకో ఖాతాకు మళ్లించేలోపు చెబితేనే ఆపడానికి వీలుంటుంది.