సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలింది?

ప్రశ్న: సిలిండర్ పైన ముద్రించిన ఖాళీ బరువును ఫోన్‌తో ఫోటో తీశాను. 15.3 అని ఉందో, 15.8 అని ఉందో తెలియడం లేదు. 40 కిలోల వరకు తూచే కిచెన్ స్కేలు మీద సిలిండర్ పెడితే 20.6 చూపించింది. గ్యాస్ ఎంత ఉన్నట్టు?

జవాబు: 5.3 కిలోలు, లేదంటే 4.8. స్కేలు చూపిన బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే గ్యాస్. అయితే తూచేటప్పుడు రెగ్యులేటర్, పైపు తగిలించి ఉంటే ఈ 20.6నే నమ్మలేం. ముద్రలోని ఖాళీ బరువులో అవి ఉండవు. పైగా పైపు బిగుసుకుని ఉంటే సిలిండర్‌ను కాస్త పైకి లాగుతుంది. స్టవ్ ఆర్పి, రెగ్యులేటర్ ఆపి తీసేసి, సేఫ్టీ క్యాప్ పెట్టి తూచండి. సిలిండర్ అడుగు స్కేలు పళ్లెం కన్నా వెడల్పుగా ఉంటే డిస్‌ప్లే కనపడదు, బరువూ సరిగ్గా పడదు. ముందు గట్టి చెక్క పెట్టి సున్నా నొక్కి, దాని మీద సిలిండర్‌ను నిలువుగా ఉంచండి. దించి మళ్లీ పెట్టినా అదే అంకె రావాలి.

ఇక ఫోటో సంగతి. ముద్ర గుంటల్లో పెయింట్ నిండిపోయి ఉంటుంది, ఫ్లాష్ వేస్తే అంతా ఒకే మెరుపుగా కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపి, ఇంకో ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించి వెలిగించండి. గుంటల్లో నీడ పడి 3కీ 8కీ తేడా తెలుస్తుంది. `TW` అంటే ఖాళీ బరువు, దాని పక్కనున్న అంకెనే తీసుకోండి. `WC` అంటే సిలిండర్‌లో పట్టే నీటి పరిమాణం. ఫోటోలోని అక్షరాలు చదివే యాప్‌లు ఒక్కోసారి ఆ అంకెనే ముందు పట్టుకుంటాయి!

అప్పటికీ తేలకపోతే టెన్షన్ వద్దు. వారం తర్వాత మళ్లీ తూచండి. 18.5 వచ్చిందనుకుందాం. అంటే వారంలో 2.1 కిలోలు, రోజుకు 0.3 కిలో వాడారు. ఈ లెక్కకు ఖాళీ బరువు అక్కరలేదు, రెండుసార్లూ అదే సిలిండర్ కదా. ఇప్పుడు మిగిలింది

```
18.5 - 15.3 = 3.2
18.5 - 15.8 = 2.7
```

రోజుకు 0.3 చొప్పున మొదటిది పది రోజులకు కాస్త ఎక్కువ వస్తుంది, రెండోది తొమ్మిది రోజులు. మీ సందేహం విలువ రెండు రోజులు కూడా లేదన్నమాట. నేనైతే తొమ్మిదే అనుకుని ఇంకో సిలిండర్ బుక్ చేసేస్తాను.

సిలిండర్ మారితే ఈ ఫోటో పనికిరాదు. ఒక్కోదాని ఖాళీ బరువు ఒక్కోలా ఉంటుంది. కొత్తది వచ్చిన రోజే వాడకముందు తూచి, దాని మీద రాసి ఉన్న గ్యాస్ బరువును అందులోంచి తీసేయండి. వచ్చిన అంకె `TW` ముద్రకు దగ్గరగా ఉంటే, ఫోటో సరిగ్గానే చదివారు.