బతుకమ్మ కవితలో చెప్పేటోడు ఆటలో ఉన్నడా, గట్టు మీద ఉన్నడా?

ప్రశ్న: మా ఫ్రెండ్ రాసిన కవిత ఇది. చెప్పే మనిషి పండగలో పాల్గొంటున్నడా, ఊకె చూస్తున్నడా? ఎట్ల తెలుసుకోవాలె?

గునుగు కోసిన చేతులకు ఇంకా పచ్చి వాసన
చెరువు గట్టు మీద నిలబడ్డ
వాళ్లు వంగుతరు, లేస్తరు, చప్పట్లు ఒక్కటైతయి
అక్క తల మీది పూలు నీళ్లల్లకు జారినయి
పోయిరా తల్లీ

జవాబు: మొత్తం కవితకు ఒకటే జవాబు వెతకకు, లైన్ లైన్‌కు మనిషి యాడ ఉన్నడో చూడు. మాది వరంగల్ దిక్కు పల్లె, చిన్నప్పుడు పొద్దుగాల్నే చేన్ల పొంటి గునుగు, తంగేడు తెచ్చుడు మా మొగపిల్లల డ్యూటీ, పేర్చుడు, ఆడుడు మాత్రం అమ్మోళ్లది, సాయంత్రం మేం గట్టు మీదనే. అందుకే మొదటి లైన్ నాకు వెంటనే దొరికింది, గునుగు తెల్లగ ఉంటదని దారిన పోయేటోడైనా రాస్తడు గాని చేతికి అంటిన వాసన కోసినోనికే తెలుస్తది. అంటే ఈయన పండగల ఉన్నడు, కాకపోతే ఆయన వంతు పొద్దుగాల్నే అయిపోయింది.

రెండో లైన్‌ల జాగ మారింది. మూడోదాంట్ల 'వాళ్లు' అన్నడు, పైగా చప్పట్లు ఒక్కటైనట్టు వినబడేది కొంచెం దూరంకెల్లి, వలయంల ఉన్నోళ్లకు పక్కామె చెయ్యి, పాట అందుకునుడు, ఇవే ధ్యాస. ఆడ 'మనం వంగుతం, లేస్తం' అని పెట్టి చదివి చూడు, గట్టు మీద నిలబడ్డ మాటతోని అస్సలు పొసగదు. గందుకే ఇది చూసేటోని లైనే.

చాలామంది ఈన్నే ఆగి 'అబ్జర్వర్' అని రాసేస్తరు, నాకైతే అది తొందరపాటు. నాలుగో లైన్‌ల 'ఒకామె' అనలే, 'అక్క' అన్నడు. చూపు దూరంకెల్లే గాని మనిషి పరాయోడు కాదు. ఆటల లేకపోవుడు వేరు, పట్టింపు లేకపోవుడు వేరు. నిజంగ ఏ సంబంధం లేనోడైతే పైన పసుపు గౌరమ్మను ఎందుకు పెడ్తరు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఎన్ని రోజులు, ఇట్లాంటివి వివరిస్తడు, ఈ కవితల అసొంటి వివరణ ఒక్కటి లేదు (మ్యాగజైన్లల్ల వచ్చే పండగ కవితలు సగం ఈ వివరణతోనే సస్తయి). ఇది పక్కా రూల్ కాదు, ఊరు ఇడిసి పోయినోడు పిల్లలకు చెప్పుకుంట గూడ రాయొచ్చు.

అసలు చిక్కు ఆఖరి లైన్‌తోని. 'పోయిరా' అని సాగనంపుడు ఆడోళ్ల పాటల మాట, మరి ఇది ఆయనకు వినబడ్డదా, ఆయన నోట్లకెల్లి వచ్చిందా? కోట్స్ లేవు, 'అంటున్నరు' అని లేదు. 'అని పాడుతున్నరు' అని కలిపి చదివితే మళ్ల గట్టు మీది రిపోర్టే అయితది, కలపకుంటే పొద్దుగాల పూలు కోసినోడు సాయంత్రం మాటతోని మళ్ల పండగలకు వచ్చిండు. నేనైతే రెండోదాని దిక్కే, ఎందుకంటే అక్క అన్న లైన్ అప్పటికే ఆయనను దగ్గరికి గుంజింది. మొదటిది గూడ తప్పని అనలేం. మీ ఫ్రెండ్‌కు వలయంల ఆడోళ్లే అంటున్నరని కావాల్నంటే ఆ లైన్‌కు కోట్స్ పెట్టుమను.