ఓవర్‌టైమ్ బడ్జెట్ దాటిపోయింది, కొత్త మనుషుల్ని ఎలా అడగాలి?

ప్రశ్న: విజయనగరంలో ఎంబీఏ ఫైనాన్స్ చదివాను. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో చేరి ఏడాదైంది. వచ్చే ఏడాది బడ్జెట్ ప్రపోజల్ తయారు చేయమని మా మేనేజరు గారు నాకు అప్పగించారు. ముగ్గురు కొత్తవాళ్లు కావాలంటున్నారు. నిరుడు ఓవర్‌టైమ్‌కు 10 లక్షలు అనుకుంటే 16.56 లక్షలైంది. ఇది చూపిస్తే తిడతారేమో?

జవాబు: దాచినా ఫైనాన్స్ వాళ్ల లెడ్జర్‌లో ఉంటుంది. మీ కేసుకు బలం ఆ 6.56 లక్షలే, కాకపోతే దాన్ని విడదీసి చూపాలి. ఉదాహరణకు, బడ్జెట్‌లో గంటకు 200 చొప్పున 5,000 గంటలు అనుకున్నారు, నిజంగా గంటకు 230 చొప్పున 7,200 గంటలు పడ్డాయనుకుందాం. రేటు పెరగడం వల్ల 30 × 7,200, అంటే 2.16 లక్షలు. గంటలు పెరగడం వల్ల 2,200 × 200, అంటే 4.40 లక్షలు. మొదటిది జీతాల పెంపు తెచ్చిన ఖర్చు. దాన్ని కొత్త మనుషులు కావాలనడానికి కారణంగా చూపితే పైవాళ్లు మొదటి ప్రశ్నకే పట్టుకుంటారు.

ఇక ఆ 2,200 గంటల్లో ఖాళీ పోస్టు వల్ల పడినవెన్నో హాజరు పట్టీ చూసి తీసేయండి. ఒక పోస్టు నాలుగు నెలలు ఖాళీగా ఉండి 600 గంటలు పడి ఉంటే, ఆ పోస్టు నింపగానే అవి పోతాయి. జీతాల ఖాతాలో కనిపించే మిగులు కూడా అక్కడిదే. ఈ రెండూ పక్కపక్కనే మీరే చూపండి, లేకపోతే 'జీతాల్లో మిగిలిందిగా' అంటారు.

మొత్తం 7,200 గంటల్లో ఆ 600 పోగా మిగిలిన 6,600 గంటలను నెలలవారీగా రాయండి. సెలవులు, ట్రైనింగ్, విరామాలు పోగా ఒక మనిషి ఏడాదికి సుమారు 2,000 గంటలు పనికొస్తాడు, నెలకు 167. అన్నిటికన్నా తక్కువ పడిన నెలలో 340 గంటలుంటే, ఏడాది పొడవునా ఉండే పని ఇద్దరికే సరిపోతుంది. నెలాఖరు డిస్పాచ్‌ల ఒత్తిడికి మూడో మనిషిని పెడితే, మిగతా రోజుల్లో అతనికి పని దొరకదు. ఆ గంటలు ఓవర్‌టైమ్‌లోనే ఉంచాలి. మీ మేనేజరు గారికి ఈ నెలల పట్టిక ముందే చూపించి, ఇద్దరికి ఒప్పించండి.

ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు కూలి కాబట్టి లెక్క కుదురుతుంది. ఇద్దరు తగ్గించే 4,000 గంటలు 9.2 లక్షలు. పీఎఫ్, బోనస్, క్యాంటీన్, బస్సు అన్నీ కలిపి మనిషికి నెలకు 30,000 వేస్తే ఇద్దరికీ ఏడాదికి 7.2 లక్షలు. మిగులు 2 లక్షలు.

ఈ 2 లక్షలు మొదటి ఏడాదే వస్తాయని మాత్రం రాయకండి. ఏప్రిల్‌లో మంజూరైనా మనిషి చేరేసరికి జూలై అవుతుంది, పని నేర్చుకోవడానికి మరో రెండు నెలలు. అప్పుడు ఖర్చు తొమ్మిది నెలలకు 5.4 లక్షలు, తగ్గే ఓవర్‌టైమ్ ఏడు నెలలకు సుమారు 5.37 లక్షలు. అంటే మొదటి ఏడాది సరికి సరి. ఓవర్‌టైమ్ పద్దులో కూడా సెప్టెంబరు నుంచే కోత చూపండి. ఏప్రిల్ నుంచి కోసేస్తే మొదటి త్రైమాసికంలోనే మళ్లీ బడ్జెట్ దాటినట్టు కనిపిస్తుంది.